సిగ్నల్ పోయాక మ్యాపులో ఏం మిగులుతుంది?

ఆఖరి ఊరు దాటి కొండదారి పట్టగానే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి మాయమవుతాయి. అప్పుడు మ్యాపు తెరిస్తే ఒక వింత కనిపిస్తుంది. మనం ఉన్న చోటును చూపించే నీలి చుక్క చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. బండి కదిలితే అదీ కదులుతుంది. దాని చుట్టూ మాత్రం దారీ ఉండదు, వాగూ ఉండదు, ఉత్త బూడిదరంగు గళ్లు. చుక్క, మ్యాపు వేర్వేరు చోట్ల నుంచి రావడమే దీనికి కారణం. చుక్క వచ్చేది ఆకాశం నుంచి, మ్యాపు వచ్చేది ఇంటర్నెట్ నుంచి.

ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఈ బాధ ఉండదని ఇప్పుడు అందరికీ తెలుసు. చిక్కల్లా ఆ తర్వాతే మొదలవుతుంది. యాప్‌లో ‘డౌన్‌లోడ్ పూర్తయింది’ అని కనిపించిన మ్యాపు కారులో వెళ్లేవాడికి పూర్తిగా పనికొచ్చి, అదే కొండ మీద నడిచేవాడికి దాదాపు పనికిరాకుండా పోవచ్చు. అందుకే ఏం దిగింది, ఏం దిగలేదు అన్నది ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి.

చుక్క సంగతి ముందు

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ సమయాన్నీ స్థానాన్నీ నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. ఫోను వాటికేమీ పంపదు, వింటుంది అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినిపిస్తే తానెక్కడున్నదీ లెక్కగట్టుకుంటుంది. ఇందులో మొబైల్ టవర్‌కు పనే లేదు. ఇప్పటి ఫోన్లలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టినా ఇది ఆగదు.

అయితే టవర్ చాటుగా ఒక సాయం చేస్తుంటుంది. ఏ ఉపగ్రహం కచ్చితంగా ఎక్కడుందో తెలిపే వివరాలు ఫోనుకు కావాలి. నెట్ ఉంటే అవి క్షణాల్లో దిగుతాయి. లేకపోతే ఉపగ్రహం నుంచే వినాలి. ఆ ప్రసారం సెకనుకు 50 బిట్లు మాత్రమే. ఒక ఉపగ్రహం తన కక్ష్య వివరాలను ప్రతి 30 సెకన్లకు ఒకసారి చెబుతుంది. మధ్యలో కొమ్మలు అడ్డొచ్చి మాట తెగితే మళ్లీ మొదటి నుంచి వినాలి. అన్ని ఉపగ్రహాల స్థూల పట్టిక మొత్తం వినాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. విన్న కక్ష్య వివరాలు కూడా సుమారు నాలుగు గంటలే చెల్లుతాయి.

ఫోను ఆఫ్ చేసి సంచిలో పడేసి, లోయలో దిగి ఆన్ చేస్తే చుక్క చాలాసేపు రాకపోవడానికి కారణం ఇదే. జీపీఎస్ పాడైందని కంగారుపడి యాప్‌ను మూసి తెరుస్తూ ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా కొన్ని నిమిషాలు నిలబడాలి. అంతకంటే మంచి పని, సిగ్నల్ ఉన్న చివరి చోట ఒకసారి మ్యాపు తెరిచి చుక్క కుదురుకునే దాకా ఉంచడం.

దిగిన మ్యాపులో ఏముంది?

చాలామంది ఫోన్లలో ముందే ఉండేది గూగుల్ మ్యాప్స్. అందులో మన బొమ్మ మీద నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాపుల పేజీకి వెళ్లి, ఒక దీర్ఘచతురస్రాన్ని జరిపి డౌన్‌లోడ్ చేస్తాం. దానితో రోడ్లు, ఊళ్ల పేర్లు, కారు దారి చెప్పే సమాచారం దిగుతాయి. నెట్ లేనప్పుడు అది కారు దారిని మాత్రమే చెబుతుంది. నడకదారి, సైకిల్ దారి, బస్సుల వివరాలు, ట్రాఫిక్ అప్పుడు ఉండవు. ఉపగ్రహ చిత్రాలు ఈ డౌన్‌లోడ్‌లో రావు. మ్యాపుకు గడువు కూడా ఉంటుంది. గడువు దగ్గరపడితే వైఫై దొరికినప్పుడు తనంతట తానే తాజా చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది, దొరకకపోతే గడువు దాటాక మ్యాపు పోతుంది. కొన్ని ప్రాంతాల్లోనైతే ఈ సౌకర్యమే లేదు.

కాబట్టి బయలుదేరే ఊరి నుంచి నడక మొదలయ్యే చోటు దాకా దీన్ని నమ్ముకోవచ్చు. అక్కడి నుంచి వేరే మ్యాపు కావాలి. ఆ వేరే మ్యాపు చాలా యాప్‌లలో ఒకే మూలం నుంచి వస్తుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి ప్రాజెక్టులో ఎవరైనా దారులు గీయవచ్చు. కాలిబాటలు, ఊటలు, కనుమలు, వాగు దాటే చోట్లు అందులో కనిపించేది అక్కడ నడిచినవాళ్లు చేర్చినందువల్లే. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ వంటి యాప్‌లు ఆ సమాచారాన్నే ప్రాంతాలవారీగా ఫోనులోకి దింపుతాయి.

ఈ మ్యాపులు బొమ్మలు కావు. ఈ బిందువు నుంచి ఆ బిందువుకు కాలిబాట ఉంది, ఇక్కడ ఊట ఉంది అన్న సమాచారం దిగుతుంది, బొమ్మను ఫోనే అప్పటికప్పుడు గీస్తుంది. అందుకే ఒక పెద్ద ప్రాంతం కూడా కొన్ని వందల మెగాబైట్లలో సరిపోతుంది. ఎంత దగ్గరికి లాగినా గీత మసకబారదు. పేరు టైపు చేసి వెతకడం, దారి లెక్కగట్టడం నెట్ లేకుండానే జరుగుతాయి. ఫోనులో చోటు తక్కువని ఒక మూల మాత్రమే దింపుకోవడం వీటి విషయంలో అనవసరమైన పొదుపు. పక్క ప్రాంతం హద్దు మీ దారికి దగ్గరగా ఉంటే రెండూ దింపుకోండి. శిఖరం మీది గట్టే చాలాచోట్ల పరిపాలనా హద్దు అవుతుంది, దారి తప్పితే అవతలి వైపుకు దిగిపోవచ్చు.

ఉపగ్రహ చిత్రాల సంగతి పూర్తిగా వేరు. అవి నిజంగా బొమ్మలు. మ్యాపును 256 పిక్సెళ్ల పలకలుగా కోసి, జూమ్ ఒక మెట్టు పెరిగినప్పుడల్లా ఒక్కో పలకను నాలుగుగా చీలుస్తారు. 20 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతం తీసుకుందాం. భూమధ్యరేఖ దగ్గర జూమ్ 16లో ఒక పలక వైపు సుమారు 611 మీటర్లు. అంటే వైపుకు 33 పలకలు, మొత్తం 1,100 దాకా. జూమ్ 17లో అవి 4,300 దాటుతాయి. జూమ్ 18లో 17,000. పలకకు 20 కిలోబైట్లు అనుకుంటే మొదటిది 22 మెగాబైట్లు, చివరిది 340 మెగాబైట్లు. జూమ్ 16లో ఒక పిక్సెల్ నేల మీద 2.4 మీటర్లు. వాగు ఎక్కడుంది, అడవి ఎక్కడ ఆగి గడ్డిమైదానం మొదలైంది అని తెలుసుకోవడానికి ఇది చాలు. కాలిబాట కనిపించాలంటే జూమ్ 18 కావాలి, అదీ చెట్ల నీడ లేనిచోటే. కాబట్టి మొత్తం ప్రాంతాన్ని 16లో, దారికి అటూ ఇటూ కిలోమీటరును మాత్రమే 18లో దింపడం తెలివైన పద్ధతి. 20 కిలోమీటర్ల దారికి అది 40 చదరపు కిలోమీటర్లే అవుతుంది, 400లో పదో వంతు.

ఇంట్లో వైఫై మీద ఒకసారి చూసిన ప్రాంతం అడవిలో కూడా కొంత కనిపించి మోసం చేస్తుంటుంది. అది డౌన్‌లోడ్ కాదు, యాప్ తాత్కాలికంగా దాచుకున్న ముక్కలు. వాటిని యాప్ ఎప్పుడైనా తుడిచేస్తుంది. గుర్తుపట్టడం సులభం. దగ్గరికి లాగుతుంటే ఒక పలక స్పష్టంగా, పక్క పలక మసకగా ఉంటే మీరు చూస్తున్నది ఆ మిగులు ముక్కలనే.

ఒక నడకను సిద్ధం చేసి చూద్దాం

ఊహించిన ట్రెక్ ఒకటి తీసుకుందాం. ఆఖరి ఊరి నుంచి నడక మొదలయ్యే చోటుకు 28 కిలోమీటర్ల మట్టిరోడ్డు. అక్కడి నుంచి 11 కిలోమీటర్లు ఎక్కి, గట్టు మీద వాగు పక్కన రాత్రి బస. మర్నాడు అవతలి వైపు 9 కిలోమీటర్లు దిగాలి. మొత్తం దారిలో సిగ్నల్ లేదు.

మట్టిరోడ్డుకు కారు మ్యాపు దిగింది. నడకకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యాప్‌లో ఆ ప్రాంతమూ పక్క ప్రాంతమూ దిగాయి. ఇప్పుడు యాప్‌ను నడకదారి అడుగుదాం. మొదటి 11 కిలోమీటర్లకు సరైన దారే చూపింది. బస నుంచి దిగువకు అడిగితే మాత్రం 9 కిలోమీటర్లకు బదులు 43 కిలోమీటర్ల దారి చూపింది, వెనక్కి దిగి రోడ్డంతా చుట్టి రమ్మంది.

ఇది తరచూ జరిగేదే. మ్యాపులో రెండు కాలిబాటలు కలిసినట్టు కంటికి కనిపిస్తాయి. కానీ గీసినవాళ్లు ఒక గీత కొనను మరో గీత మీది బిందువుకు తగిలించకుండా రెండు మీటర్ల ముందే వదిలేస్తే, లెక్కగట్టే యాప్‌కు అక్కడ దారి లేనట్టే. ఆ కూడలిని బాగా దగ్గరికి లాగి చూస్తే సందు కనిపిస్తుంది. మరో కారణం, మధ్యలో కొంత దారి అసలు గీయనే లేదు. మొదటిదైతే భయం లేదు, గీతను చూసుకుంటూ నడవవచ్చు. రెండోదైతే అక్కడ నిజంగా దారి ఉందో లేదో మరోచోట తేల్చుకోవాలి. ఏ కారణమైనా సరే, అడవిలో యాప్ లెక్కగట్టే దారి మీద ఆధారపడకూడదు. ముందే ఎంచుకున్న దారిని ఒక గీతగా ఫోనులో వేసుకుని, చుక్క ఆ గీత మీద ఉందా లేదా అని చూసుకోవడమే పని.

ఆ గీతే జీపీఎక్స్ ఫైలు. అక్కడ ముందు నడిచినవాళ్లు రికార్డు చేసిన దారిని పంచుకుంటే, .gpx అనే ఫైలుగా దొరుకుతుంది. కొన్ని కిలోబైట్ల నుంచి ఒకటి రెండు మెగాబైట్ల దాకా ఉంటుంది. దాన్ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవవచ్చు. తెరవాలి కూడా. మచ్చుకు రెండు బిందువులు:

```
<trkpt lat="12.50417" lon="78.21093">
  <ele>684</ele>
  <time>2024-12-07T02:31:10Z</time>
</trkpt>
<trkpt lat="12.50989" lon="78.21121">
  <ele>731</ele>
  <time>2024-12-07T02:45:22Z</time>
</trkpt>
```

అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం. చివరి Z అక్షరానికి ప్రామాణిక అంతర్జాతీయ సమయమని అర్థం, స్థానిక సమయం కాదు. ఇప్పుడు రెండింటి మధ్య తేడా చూడండి. అక్షాంశం 0.00572 డిగ్రీలు పెరిగింది. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి ఇది 635 మీటర్లు. సమయం 14 నిమిషాలు జరిగింది. మామూలుగా నడకలో రికార్డయిన ఫైలులో కొన్ని సెకన్లకో, కొన్ని మీటర్లకో ఒక బిందువు ఉండాలి. ఇక్కడ 14 నిమిషాల పాటు ఒక్కటీ లేదు. మనిషి నడిచాడు, వేగం కూడా ఎక్కుడు దారిలో ఉండదగినదే. ఫోను మాత్రం రాయలేదు. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోను ఆ యాప్‌ను వెనక నుంచి ఆపేసి ఉంటుంది, లేదా ఇరుకు లోయలో ఉపగ్రహాలు అంది ఉండవు.

మ్యాపు మీద ఇది ఎలా కనిపిస్తుంది? స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీతగా. వంకర్లు తిరిగే కొండదారిలో ఒక్కచోట గీత అలా తిన్నగా సాగితే అది దారి కాదు, దారి తెలియని చోటు. అక్కడ గీతను నమ్మి నేరుగా వెళ్తే ఏ బండ అంచుకో చేరతాం. ఆ భాగానికి వేరొకరి ఫైలు వెతుక్కోవాలి. ఇద్దరు ముగ్గురు వేర్వేరు రోజుల్లో రికార్డు చేసిన గీతలను ఒకదానిపై ఒకటి వేసి చూస్తే, అన్నీ కలిసినచోట దారి ఖాయం, విడిపోయినచోట ఆలోచించాలి. ఒకేచోట దారం ఉండ చుట్టినట్టు గీతలు ముడిపడి ఉంటే ఎవరో అక్కడ కూర్చుని సేదతీరారని అర్థం. నీళ్లో నీడో దొరికే చోటు అయ్యుండవచ్చు.

ఫైలులో `<time>` అసలు లేకపోతే మరింత జాగ్రత్త అవసరం. కొన్ని సైట్లు పంచుకునేటప్పుడు సమయాన్ని తీసేస్తాయి. కానీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద మౌసుతో గీసిన దారిలోనూ సమయం ఉండదు. బిందువులు దూరదూరంగా ఉండి, మలుపులు కోణాల్లా కనిపిస్తే అది గీసిన దారే. సమయం ఉంటే నెల చూడండి. ఎండాకాలంలో వాగు మధ్యగా నడిచినవాడి గీత వానాకాలంలో నీళ్ల మీదుగా పోతుంది.

మన ఉదాహరణలో ఇప్పుడు ఒకే పని మిగిలింది. దిగే దారి చీలే కూడలి, బస, ఊట, గట్టు మీద నుంచి త్వరగా రోడ్డు చేరే అడ్డదారి మొదలయ్యే చోటు. ఈ నాలుగింటినీ పేర్లతో గుర్తులుగా పెట్టుకోవాలి. ఇక్కడ అంకెల రూపంతో ఒక ప్రమాదం ఉంది. ఎవరో ఊట ఉన్నచోటు అక్షాంశం ‘పన్నెండు, ముప్పై’ అని చెప్పారనుకోండి. అది 12.30 డిగ్రీలా, లేక 12 డిగ్రీల 30 నిమిషాలా? డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి రెండోది 12.50. తేడా 0.20 డిగ్రీలు, అంటే 22 కిలోమీటర్లు. దశాంశ డిగ్రీల్లోనే రాసుకోండి, దశాంశం తర్వాత ఐదు స్థానాలు చాలు. ఐదో స్థానం విలువ సుమారు ఒక మీటరు. ఫోను జీపీఎస్ బయలు ప్రదేశంలోనే నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి అంతకు మించిన అంకెలు ఉత్త అలంకారం.

ఎత్తు గీతలు చెప్పనివి

నడిచేవాళ్లకు దూరం కన్నా ఎత్తు ముఖ్యం. సమాన ఎత్తున ఉన్న బిందువులను కలిపే కాంటూర్ రేఖలు కొన్ని యాప్‌లలో మ్యాపుతో పాటే దిగుతాయి, కొన్నింటిలో విడిగా దింపాలి. పొర ఆన్ చేస్తే నెట్ ఉన్నప్పుడు కనిపించి, లేనప్పుడు మాయమయ్యేవీ ఉన్నాయి. గీతలు దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరంగా ఉంటే తక్కువ వాలు.

అయితే వీటికి ఆధారమైన ఎత్తుల కొలతలు చాలావరకు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక మీద నుంచి రాడార్‌తో తీసినవి. నేల మీద దాదాపు 30 మీటర్లకు ఒక కొలత. దట్టమైన అడవిలో రాడార్ చూసింది చాలాచోట్ల చెట్ల పైభాగాన్నే. గీతకూ గీతకూ 20 మీటర్ల తేడా ఉన్న మ్యాపులో 15 మీటర్ల నిలువు బండ రెండు గీతల మధ్య పూర్తిగా దాక్కుంటుంది. గీతలు దగ్గరగా ఉన్నచోట అడ్డంగా దిగవద్దని చెప్పడానికి ఈ మ్యాపు పనికొస్తుంది. దూరంగా ఉన్నచోట నిర్భయంగా దిగవచ్చని చెప్పడానికి పనికిరాదు.

ఇంట్లోనే అడవిని సృష్టించడం

బయలుదేరే ముందు రాత్రి ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టినా వైఫైని కలిపే ఉంచే ఫోన్లు ఉన్నాయి. అప్పుడు పరీక్ష మొత్తం అబద్ధమవుతుంది. తర్వాత యాప్‌ను పూర్తిగా మూసి, ఫోనును ఒకసారి రీస్టార్ట్ చేసి తెరవండి. లాగిన్ అడిగే యాప్ ఉంటే ఇక్కడే బయటపడుతుంది. చందా సరిచూడటానికి నెట్ అడిగే యాప్‌లూ ఇక్కడే దొరికిపోతాయి.

బస చోటుకు వెళ్లి చివరిదాకా జూమ్ చేయండి. మొదలయ్యే చోటు మాత్రమే చూసి సంతృప్తి పడితే లాభం లేదు, సగంలో ఆగిన డౌన్‌లోడ్‌లో ఖాళీలు అవతలి కొసన ఉండవచ్చు. జీపీఎక్స్ గీత, కాంటూర్లు, నాలుగు గుర్తులు కనిపిస్తున్నాయా? ఊట పేరు టైపు చేస్తే దొరుకుతోందా? అన్నీ కుదిరితే ఆ తర్వాత ఫోనులో చోటు ఖాళీ చేసే యాప్‌లను ముట్టుకోవద్దు. మ్యాపు యాప్ డేటాను తుడిచేస్తే మ్యాపులూ దానితోనే పోతాయి.

ఈ పరీక్షను జట్టులో మరొకరి ఫోనులో కూడా చేయించండి, అదే ఫైలుతో. ఒక ఫోను నీళ్లలో పడటం అరుదు కాదు. దారిలో రెండో ఫోను ఆఫ్‌లో ఉండాలి. మొదటిది ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, ఎందుకంటే టవర్ దొరకని ఫోను దాని కోసం పదేపదే వెతుకుతూ బ్యాటరీని తినేస్తుంది. దారి రికార్డు చేస్తున్నట్టయితే ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితులు తొలగించండి, లేకపోతే మీ ఫైలులో కూడా ఆ 14 నిమిషాల ఖాళీలే మిగులుతాయి. చలి ఎక్కువగా ఉన్న రాత్రి ఫోనును, పవర్ బ్యాంకును నిద్రసంచి లోపల పెట్టుకోవాలి. లిథియం బ్యాటరీ చలికి శక్తిని పూర్తిగా ఇవ్వలేదు, వెచ్చబడితే చాలావరకు మళ్లీ ఇస్తుంది.

లోయలో నడిచేటప్పుడు చుక్క గీత నుంచి ముప్పై నలభై మీటర్లు పక్కకు జరిగినా వెంటనే దారి తప్పామనుకోనక్కర్లేదు. కొండ గోడలకు తగిలి వచ్చే ఉపగ్రహ సంకేతాలు ఫోనును తికమకపెడతాయి. చుక్క చుట్టూ ఉన్న లేత నీలి వలయం పెద్దదైతే తనకే నమ్మకం లేదని ఫోను చెబుతోందన్నమాట. ఆగి, వలయం చిన్నదయ్యే దాకా చూసి, అప్పుడు లెక్కించండి. వలయం చిన్నగానే ఉండి, మీరు నడుస్తున్న కొద్దీ చుక్కకూ గీతకూ దూరం పెరుగుతూ పోతుంటే మాత్రం నిజంగానే తప్పారు. అప్పుడు గీత వైపు అడ్డంగా పొదల్లోంచి కోసుకుంటూ వెళ్లకుండా, వచ్చిన అడుగుల మీదే వెనక్కి నడిచి చుక్క చివరిసారి గీత మీద ఉన్న చోటుకు చేరుకోండి. మీరు రికార్డు చేస్తున్న దారి ఇందుకు పనికొస్తుంది, ఎందుకంటే అది ఇప్పుడే మీరు నడిచి వచ్చిన నేల.